డాక్టరు గారూ, మా కాగితాలు ఇప్పించండి

తెనాలిలో మా బాబాయికి ఇరవై రెండేళ్లుగా ఒకరే డాక్టరు. పెద్ద ఆసుపత్రేమీ కాదు. మేడ కింద రెండు గదులు, వరండాలో రెండు బెంచీలు, చీటీలు రాసే ఒక కాంపౌండరు. షుగరు ఉందని మొదట చెప్పింది ఆయనే. పిన్ని మెడ చూసి థైరాయిడ్ పరీక్ష చేయించమన్నదీ ఆయనే. ఫీజు యాభై రూపాయలున్నప్పుడు వెళ్లడం మొదలుపెట్టి, మూడు వందలైనా మానలేదు. ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి నాలుగైదు శుభలేఖల్లో ఒకటి ఆ ఇంటికి వెళ్లేది.

2025 నవంబరులో బాబాయి, పిన్ని హైదరాబాదుకు, కొడుకు దగ్గరికి మకాం మార్చడానికి సిద్ధమయ్యారు. గ్యాసు కనెక్షను, పింఛను బ్యాంకు, పాలవాడి బాకీ అన్నీ నెల ముందే తేల్చుకున్న మనిషి, డాక్టరు గారికి చెప్పడం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు.

"ఏమని చెప్పనురా? ఇన్నాళ్లూ చూసినాయనతో ఇక మీరొద్దు అన్నట్టుండదూ?" అన్నాడు నాతో.

ఈ మొహమాటం బాబాయి ఒక్కడిదే కాదు. ఊరు మారినా, డాక్టరు మీద నమ్మకం సడలినా, పెద్ద ఆసుపత్రిలో చూపించుకోమని పిల్లలు పట్టుబట్టినా మనలో చాలామంది చేసేది ఒకటే. చెప్పకుండా మానేస్తాం. పాత చీటీలున్న ప్లాస్టిక్ సంచీ పట్టుకుని కొత్తాయన దగ్గరికి వెళతాం. ఆయన ఏదో అడుగుతాడు, ఆ కాగితం సంచీలో ఉండదు, మళ్లీ పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలు.

మొహమాటం పోవాలంటే రెండు పనుల్ని విడదీసి చూడాలి. డాక్టరును వదిలి వెళ్లడం ఒక పని, కాగితాలు అడగడం ఇంకొకటి. మొదటిదానికి ఉత్తరం అక్కర్లేదు, సంజాయిషీ అంతకంటే అక్కర్లేదు. రెండోదానికి మాత్రం ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం మర్యాదగా రాస్తే మొదటి పని దానంతటదే అయిపోతుంది.

ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు ఇల్లు మారి కొత్త పేటలో డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకుంటే పాత రికార్డు దానంతటదే కొత్త చోటికి చేరుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు రిలీజ్ ఫారం అలవాటే. సంతకం పెడితే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పంపుతారు. మనిషి తన రికార్డు తానే అడిగితే 30 రోజుల్లోగా ఇవ్వాలని అక్కడి చట్టం. మన దగ్గర డాక్టరు నుంచి డాక్టరుకు కాగితాలు నడిచి వెళ్లే దారి మామూలుగా లేదు. మోసుకెళ్లేది రోగే, లేదా రోగి కొడుకు. కాబట్టి "మా రికార్డులు ఫలానా ఆసుపత్రికి పంపండి" అని రాస్తే ఆ ఉత్తరం ఏ బల్ల మీద ఆగుతుందో ఎవరికీ తెలియదు. "నకళ్లు నాకు ఇప్పించండి, నేనే తీసుకెళతాను" అని రాయాలి.

అడిగే ముందు ఏ కాగితం ఎక్కడుందో చూసుకోవాలి. ఓపీలో చూపించుకున్న చీటీలు, రక్త పరీక్షల రిపోర్టులు చాలావరకు మన దగ్గరే ఉంటాయి, పోతే మన చేతే పోతాయి. పడకలో ఉండి చేయించుకున్న వైద్యం తాలూకు కేస్ షీటు ఆసుపత్రిలో ఉంటుంది. మూడో రకం ఒకటుంది. అది ఏ బీరువాలోనూ ఉండదు, ఫ్యామిలీ డాక్టరు బుర్రలో ఉంటుంది. ఏ మందు పడలేదు, ఏది ఎందుకు మార్చారు, ఏ పరీక్షకు ఈ మనిషి కంగారు పడతాడు, ఇవన్నీ. బాబాయి విషయంలో చివరికి బాగా పనికొచ్చింది ఈ మూడో రకమే. కానీ ఎవరూ అడగనిదీ ఇదే.

కాగితం, కలం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. బాబాయి మొదట రాసింది ఇలా ఉంది: "మేము ఇక మీ వద్ద వైద్యం కొనసాగించలేకపోతున్నందుకు మన్నించండి. అబ్బాయి బలవంతం వల్ల..." అక్కడే ఆపించాను. మన్నించడానికి తప్పేం జరిగిందని? అబ్బాయిని మధ్యలో ఎందుకు దోషిని చెయ్యాలి? చింపేసి మళ్లీ రాశాం.

"గౌరవనీయులైన డాక్టరు గారికి నమస్కారం. నేను, నా భార్య డిసెంబరు మొదటి వారంలో హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లి అక్కడే ఉండబోతున్నాం. ఇరవై రెండేళ్లుగా మా ఇద్దరి ఆరోగ్యం మీరే చూశారు. ఇక మీదట అక్కడి డాక్టరు గారికి చూపించుకోవాలి గనుక, ఆయనకు తెలియవలసిన సంగతులు ఒక్కొక్కరికి ఒక పేజీలో రాసి ఇప్పించగలరని మనవి. ఇప్పుడు వాడుతున్న మందులు, మోతాదులు, ఇంతకు ముందు వాడి మానేసిన మందులు, మానేసిన కారణం, మాకు పడని మందులు ఉంటే చాలు. మీ దగ్గరున్న మా కార్డుల నకళ్లు కూడా ఇప్పిస్తే మేలు. 29వ తేదీ శనివారం సాయంత్రం వచ్చి తీసుకుంటాను. ఖర్చు ఏమైనా ఉంటే చెల్లిస్తాను. ఇన్నేళ్ల మీ ఆదరణకు మేమిద్దరం కృతజ్ఞులం."

ఇందులో "మానేస్తున్నాం" అనే మాట ఎక్కడా లేదు. "అక్కడి డాక్టరు గారికి చూపించుకోవాలి" అన్న ముక్కతోనే సంగతి తెలిసిపోతుంది. ఊరు మారే కారణం లేకపోతే, అంటే అదే ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళుతుంటే, "ఇక మీదట వైద్యం వేరే చోట కొనసాగించాలనుకుంటున్నాం" అనే ఒక్క వాక్యం సరిపోతుంది. ఎందుకో రాయనక్కర్లేదు. రాస్తే ఆయన దానికి జవాబు చెప్పాలనుకుంటాడు, మీరు దానికి జవాబు వెతుక్కోవాలి, కాగితాల మాట వెనకబడుతుంది.

తెలుగులో మర్యాద మాటల ఎంపికలో కంటే క్రియ చివర ఎక్కువగా ఉంటుంది. "ఇవ్వండి" అంటే ఎదురుగా నిలబడి చెయ్యి చాచినట్టుంటుంది. "ఇప్పించండి" అంటే ఆయన స్వయంగా లేచి వెతికి తీయాలని కాకుండా, ఆయన మాట మీద పని జరగాలని అడిగినట్టు. "ఇప్పించగలరని మనవి" అంటే ఇంకో మెట్టు. అక్కడితో ఆగాలి. "దయతలచి, కనికరించి" దాకా వెళితే దానం అడిగినట్టవుతుంది. అడుగుతున్నది మన సొంత ఒంటి చరిత్ర. ఇంకో చిన్న సంగతి, "వీలైనప్పుడు" అని రాయకూడదు. మర్యాదగానే ఉంటుంది గానీ ఆ "వీలు" ఎప్పటికీ రాదు. వచ్చి తీసుకునే రోజు మనమే చెప్పాలి.

ఉత్తరాన్ని బాబాయి తానే తీసుకెళ్లాడు. డాక్టరు గారు చదివి, "మంచిదండీ, పిల్లల దగ్గరికి వెళుతున్నారు. శనివారం రండి" అన్నారట. అంతే. నెల రోజులు నిద్ర పట్టకపోవడానికి ఇంతకు మించి కారణం లేదని బాబాయికి అప్పుడు తెలిసింది.

అసలు తిప్పలు విజయవాడలో. 2023 ఫిబ్రవరిలో బాబాయికి ఛాతీ నొప్పి వస్తే అక్కడి ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చి, గుండె రక్తనాళంలో ఒక స్టెంటు వేశారు. నాలుగు రోజులున్నాడు. ఇంటికొచ్చేటప్పుడు మూడు పేజీల డిశ్చార్జి సమ్మరీ ఇచ్చారు. "అది ఉందిగా, చాలదా?" అన్నాడు మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు. చాలదు. డిశ్చార్జి సమ్మరీ అంటే సినిమా కథ క్లుప్తంగా చెప్పడం లాంటిది. అందులో "స్టెంటు వేయబడినది" అని ఉంటుంది. ఏ స్టెంటు, ఎంత వెడల్పు, ఎంత పొడవు అన్నది ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. కేస్ షీటులో మాత్రం ఆ స్టెంటు డబ్బా మీది స్టిక్కరును తీసి అంటిస్తారు. కంపెనీ, కొలత, బ్యాచి నంబరు అన్నీ ఆ స్టిక్కరు మీద ఉంటాయి. రేపు మోకాలికి ఎంఆర్ఐ తీయాలన్నా స్కానింగు సెంటరు వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న, ఒంట్లో ఏ లోహముంది, ఎప్పుడు పెట్టారు అనే.

తొందరపడడానికి మాకు ఇంకో కారణం కూడా ఉంది. డాక్టర్ల వృత్తి నియమావళి 2002లో వచ్చింది. పడకలో ఉన్న రోగుల రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలని అందులో ఉంది. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి, 72 గంటల్లోగా కాగితాలు ఇవ్వాలని కూడా ఉంది. ఇవ్వకపోతే వృత్తిపరమైన తప్పిదం కింద లెక్క. 2023 ఆగస్టులో దీని స్థానంలో కొత్త నియమావళి ప్రకటించారు గానీ అదే నెలలో దాన్ని పక్కన పెట్టారు. కాబట్టి నడుస్తున్నది పాతదే. బాబాయి చేరింది 2023 ఫిబ్రవరి, మేం లెక్క చూసుకున్నది 2025 నవంబరు. మూడేళ్లు నిండడానికి మూడు నెలలు కూడా లేదు. చాలా ఆసుపత్రులు అంతకంటే ఎక్కువ కాలమే దాస్తాయి, కానీ మూడేళ్లు దాటాక "తీసేశామండీ" అంటే గట్టిగా అడగడానికి మన దగ్గర పట్టు తక్కువ.

మొదట మా తమ్ముడు ఉత్తి చేతులతో వెళ్లాడు. రిసెప్షనులో అడిగితే బిల్లింగు అన్నారు, బిల్లింగు వాళ్లు డాక్టరు గారి ఓపీ అన్నారు, అక్కడి నర్సు "డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం కదండీ" అంది. ఇంకొకాయన కొంచెం గొంతు తగ్గించి, "ఇన్సూరెన్సుకా? కోర్టుకా?" అని అడిగాడట. పెద్ద ఆసుపత్రిలో మొత్తం కేస్ షీటు కావాలని ఎవరైనా అడిగితే మొదట వచ్చే అనుమానం అదే. ఆ అనుమానం తీర్చే వాక్యం ఉత్తరంలో మొదటే ఉండాలి. ఇంకా, వెళ్లాల్సిన చోటు రిసెప్షను కాదు. మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్, అక్కడి వాళ్ల నోట్లో ఎంఆర్‌డీ. తరచు కింది అంతస్తులోనో వెనక వైపో ఒక చిన్న కిటికీ, లోపల అరల నిండా ఫైళ్లు.

రెండోసారి ఇలా రాసి ఇచ్చాం.

"మెడికల్ రికార్డ్స్ విభాగం అధికారి గారికి. విషయం: తదుపరి వైద్యం నిమిత్తం ఇన్‌పేషెంటు రికార్డు నకళ్లు, యాంజియోగ్రామ్ సీడీ కోరుతూ. అయ్యా, 2023 ఫిబ్రవరి 14 నుంచి 18 వరకు మీ ఆసుపత్రి గుండె జబ్బుల విభాగంలో చికిత్స పొందాను. నా యూహెచ్ఐడీ, ఐపీ నంబర్లు పైన రాశాను. నేను హైదరాబాదుకు మారుతున్నందున అక్కడి డాక్టరు గారికి చూపించడానికి ఈ నకళ్లు అవసరమయ్యాయి: అడ్మిషన్ నోట్సు మొదలుకొని డిశ్చార్జి వరకు పూర్తి కేస్ షీటు, యాంజియోగ్రామ్, యాంజియోప్లాస్టీ నోట్సు, స్టెంటు స్టిక్కరు ఉన్న పేజీ, ఎకో రిపోర్టు, రక్త పరీక్షల రిపోర్టులన్నీ, యాంజియోగ్రామ్ వీడియో దృశ్యాలున్న సీడీ. నియమం ప్రకారం అయ్యే నకళ్ల రుసుము చెల్లిస్తాను. నా తరఫున ఈ కాగితాలు తీసుకోవడానికి మా అబ్బాయికి అధికారం ఇస్తున్నాను. ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు జతపరిచాను. వైద్య వృత్తి నియమావళిలో చెప్పిన 72 గంటల్లోగా ఇప్పించగలరని, ఈ ఉత్తరం అందినట్టు రెండో ప్రతి మీద సంతకం, ముద్ర వేసి ఇప్పించగలరని కోరుతున్నాను."

పూర్తి కేస్ షీటు అని ఊరుకోకుండా పేర్లు పెట్టి ఎందుకు అడిగామంటే, "రికార్డులు" అని మాత్రమే అడిగితే డిశ్చార్జి సమ్మరీ ఇంకో నకలు తీసి చేతిలో పెడతారు. వాళ్ల దృష్టిలో అదీ రికార్డే. అధికారమిచ్చే మాట కూడా అవసరం. కన్న కొడుకైనా సరే, రోగి సంతకం లేకుండా కాగితాలు ఇవ్వకపోవడం ఎంఆర్‌డీ వాళ్ల మొండితనం కాదు. రోగి గుట్టు కాపాడడం వాళ్ల బాధ్యత. ఇక 72 గంటల మాట. అది ఉత్తరం చివర, ఒకే ఒక్కసారి, బెదిరింపులా కాకుండా సమాచారంలా ఉండాలి. సెక్షన్ల నంబర్లు, కోర్టు తీర్పుల పేర్లు మొదటి ఉత్తరంలో గుప్పిస్తే ఎంఆర్‌డీ గుమాస్తా దాన్ని పక్కన పెట్టి లీగల్ వాళ్లకు పంపుతాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

ఆసుపత్రి అసలు కాగితాలు ఇవ్వదు, వాటిని తన దగ్గర ఉంచుకోవాల్సిందే. మనకు రావాల్సింది నకళ్లు, కుదిరితే ముద్ర వేసినవి. నకళ్లకు డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఇంతే తీసుకోవాలని ఆ నియమావళిలో లేదు గనుక ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

సోమవారం, 24న ఇచ్చాం. గురువారం కాస్తా శుక్రవారమైంది. మొత్తం 86 పేజీలు, ఒక సీడీ. తమ్ముడు డబ్బు కట్టి సంచీలో పెట్టుకుని బయల్దేరబోతుంటే ఫోన్లో ఆపాను. కిటికీ దగ్గరే ఓ పావుగంట నిలబడి చూడమన్నాను. పేజీ పేజీకీ పైన పేరు, ఐపీ నంబరు బాబాయివేనా అని చూడాలి. తారీఖులు వరసగా ఉన్నాయా, నాలుగు రోజుల డాక్టర్ల నోట్సూ, నర్సులు మందులిచ్చిన చార్టూ ఉన్నాయా, వెనక వైపు రాత ఉన్న కాగితాలకు రెండు వైపులా నకలు తీశారా అని చూడాలి. రెండు పేజీల్లో పేరు వేరే ఎవరిదో. అదే ఇంటి పేరు, అదే వార్డు, పక్క మంచం మనిషి రక్త పరీక్ష. తమ్ముడు అవి తిరిగి ఇచ్చేశాడు. గమనించకపోతే ఎవరి క్రియాటినినో బాబాయి లెక్కలో పడేది. అవతలి మనిషి గుట్టు మన సంచీలో ఉండేది.

సీడీది ఇంకో కథ. ఇంటికి తెచ్చాక గానీ దాన్ని తెరవడానికి ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ డ్రైవు లేదని తేలలేదు. వీధి చివర జిరాక్సు షాపులో పెట్టి చూస్తే అందులో ఒకటే ఫైలు, టైపు చేసిన రిపోర్టు. దృశ్యాలు లేవు. స్కానింగు సీడీలో మామూలుగా DICOM అనే పేరుతో ఒక ఫోల్డరు గానీ, DICOMDIR అనే ఫైలు గానీ ఉంటుంది. వందల ఎంబీ బరువు ఉంటుంది. నాలుగైదు వందల కేబీ మాత్రమే ఉందంటే బొమ్మలు లేనట్టే. మళ్లీ ఫోను చేశాం. ఈసారి మర్యాద తగ్గించలేదు, వివరం పెంచాం: "సీడీలో రిపోర్టు మాత్రమే ఉందండీ. క్యాథ్ ల్యాబ్ నుంచి దృశ్యాలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇప్పించగలరా, కొత్త పెన్‌డ్రైవు మేమే తెస్తాం." మర్నాడే ఇచ్చారు. తప్పు ఎవరిదని తేల్చుకునే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

ఈ దృశ్యాల కోసం అంత పట్టుబట్టడం ఎందుకంటే, బాబాయికి స్టెంటు వేసింది ఒక నాళంలో. ఇంకో నాళంలో సగం దాకా పూడిక ఉందని, దానికి మందులు చాలని అప్పుడు రాశారు. ఆ "సగం" ఒక డాక్టరు కంటి లెక్క. కొత్త డాక్టరు తన కంటితో చూడాలంటే రిపోర్టులోని అంకె చాలదు, బొమ్మ కావాలి. అది లేకపోతే ఏదైనా అనుమానం వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. యాంజియోగ్రామ్‌కు ఎక్కించే రంగు మందు మూత్రపిండాల మీద భారం. షుగరున్న మనిషికి అది ఊరికే చేసే పరీక్ష కాదు.

గుండె సంగతి ఇలా ఉంటే క్యాన్సరు వాళ్లకు ఇంకో వస్తువు ఉంటుంది. దాని పేరే చాలామందికి తెలియదు. బయాప్సీలో తీసిన ముక్కను మైనంలో పోతపోసి చిన్న బిళ్లలా చేస్తారు. దాన్ని బ్లాకు అంటారు. అందులోంచి జుట్టు కంటే సన్నగా పొరలు కోసి గాజు పలకల మీద అంటించి రంగు వేస్తే అవి స్లైడులు. హైదరాబాదుకో ముంబైకో రెండో అభిప్రాయం కోసం వెళితే అక్కడ మొదట అడిగేది రిపోర్టు కాదు, బ్లాకులు, స్లైడులు. తమ ల్యాబులో మళ్లీ చూసి, కొత్త పరీక్షలు చేయాలంటే ఆ ముక్కే కావాలి. ఇది నకలు తీయగలిగేది కాదు, ఉన్నది అదొక్కటే. అందుకే పాత ఆసుపత్రి పాథాలజీ విభాగానికి రాసే ఉత్తరంలో ఎంఆర్‌డీ ఉత్తరంలో లేని ఒక వాక్యం ఉండాలి: "పరీక్ష పూర్తయిన తర్వాత బ్లాకులు తిరిగి మీ విభాగానికి అప్పగిస్తాను." వాళ్లు పుస్తకంలో సంతకం తీసుకుని ఇస్తారు. బ్లాకు మీద గీసిన నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని చూసుకోవాలి. ఎండలో ఆపిన కారులో మాత్రం వదలకూడదు, మైనం కదా.

కోపంతో వెళ్లిపోయేవాళ్ల సంగతి వేరు. నా స్నేహితుడొకడు వాళ్లమ్మ ఆపరేషను కుట్లకు చీము పట్టిందని ఒక ఆసుపత్రి మీద మూడు పేజీల ఉత్తరం రాశాడు. అందులో రెండున్నర పేజీలు వాళ్లు చేసిన నిర్లక్ష్యం, చివర నాలుగు వాక్యాల్లో "కావున రికార్డులన్నీ వెంటనే ఇవ్వాలి". ఉత్తరం కిటికీ దాటి పై అంతస్తుకు వెళ్లింది, అక్కడి నుంచి వకీలు దగ్గరికి. మూడు వారాలు పట్టింది. వాడి కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఫిర్యాదు రాయడానికైనా ముందు కావాల్సింది ఆ కాగితాలే. కాబట్టి కాగితాల ఉత్తరంలో కోపం ఉండకూడదు. కాగితాలు చేతికొచ్చి, లెక్క చూసుకున్నాక, ఫిర్యాదు వేరే కాగితం మీద, వేరే తారీఖుతో.

పడకలో ఉండగానే వేరే ఆసుపత్రికి వెళ్లాలనుకుంటే వైద్య సలహాకు విరుద్ధంగా వెళుతున్నామని సంతకం అడుగుతారు. దాన్ని లామా అంటారు. ఆ సంతకం పెట్టినంత మాత్రాన కాగితాల మీద హక్కు పోదు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం, ఆసుపత్రిలో ఉండగా అయితే 24 గంటల్లో, డిశ్చార్జి అయ్యాక 72 గంటల్లో నకళ్లు అందాలి. రెండో అభిప్రాయం కోసం వెళ్లేవారికి అడ్డు చెప్పకుండా కాగితాలివ్వాలని కూడా అందులో ఉంది. ఆ హడావిడిలో ఉత్తరం రాసే తీరిక ఉండదు. ఆ పూట డ్యూటీ డాక్టరును, "అక్కడి డాక్టరుకు మీరు ఫోన్లో చెప్పేదేదో కాగితం మీద రాసి ఇప్పించండి, ఈ రోజు ఎక్కించిన మందులు టైముతో సహా" అని అడిగితే చాలు. అంబులెన్సులో ఆ ఒక్క కాగితమే ముఖ్యం.

ప్రభుత్వ ఆసుపత్రి అయితే సూపరింటెండెంటు గారికి ఇదే ఉత్తరం. కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, దానికి 30 రోజుల గడువు. ప్రైవేటులో 72 గంటలు దాటితే వెంటనే పోట్లాటకు దిగనక్కర్లేదు. మొదటి ఉత్తరం ముద్ర పడిన ప్రతి జతచేసి, మెడికల్ సూపరింటెండెంటు పేరున రెండోది రాయాలి: "24వ తేదీన ఇచ్చిన ఉత్తరం మీ దృష్టికి వచ్చి ఉండకపోవచ్చునని తలచి మళ్లీ రాస్తున్నాను." తప్పించుకునే దారి ఆయనకు మనమే చూపించడం ఇందులో కిటుకు. ఎక్కువ భాగం ఇక్కడ తెగిపోతుంది. తెగకపోతే ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో విడివిడిగా మెడికల్ కౌన్సిళ్లున్నాయి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి ఉన్నారు, వినియోగదారుల కమిషన్ ఉంది. వాళ్లందరూ మొదట అడిగేది ఆ ముద్ర పడిన ప్రతే.

ఇప్పుడు 14 అంకెల ఆభా నంబరు వచ్చింది కదా, ఇదంతా ఎందుకంటారు కొందరు. ఆసుపత్రి ఆ వ్యవస్థలో చేరి, మన నంబరుకు రికార్డును జతచేస్తే, మన అనుమతితో కొత్త డాక్టరు ఫోన్లో చూడగలడు. జతచేయని పాత కేస్ షీటు అందులోకి దానంతటదే రాదు. బాబాయికీ ఆభా నంబరుంది. తెరిచి చూస్తే ఖాళీగా ఉంది.

శనివారం సాయంత్రం తెనాలి వెళ్లి డాక్టరు గారి కాగితాలు తెచ్చుకున్నాం. కార్డుల నకళ్లు, తన లెటర్‌హెడ్ మీద చేత్తో రాసిన రెండు పేజీలు. డబ్బు తీసుకోలేదు. బాబాయి పేజీలో ఉన్నవి: రామిప్రిల్ వాడితే పొడి దగ్గు వచ్చింది, అందుకే టెల్మిసార్టన్‌కు మార్చాను. మెట్‌ఫార్మిన్ పరగడుపున పడదు, అన్నం తిన్నాకే. సల్ఫా మందుకు ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఏ కంప్యూటరులోనూ లేని సంగతులివి. చివరి వాక్యం: "బీపీ మొదటిసారి ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. కాసేపు కూర్చోబెట్టి రెండోసారి చూడగలరు."

డిసెంబరు రెండో వారంలో హైదరాబాదులో గుండె డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన పెన్‌డ్రైవు పెట్టి దృశ్యాలు రెండుసార్లు ముందుకీ వెనక్కీ నడిపించి చూశారు, స్టిక్కరు పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నారు. నర్సు బీపీ చూసి 164 అంది. డాక్టరు గారు మందు చీటీ దగ్గరికి లాక్కుని కలం తీశారు, ఇంకో చేత్తో తెనాలి డాక్టరు గారి పేజీ తిప్పుతున్నారు. చివరి వాక్యం దగ్గర ఆగి, కలం పక్కన పెట్టి, "పెద్దాయనా, ఆ కుర్చీలో ఓ పది నిమిషాలు కూర్చోండి" అన్నారు. రెండోసారి 138.